కుంటలో రాయి తగిలితే బడ్జెట్ ఎలా మారాలి?

అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో చాలాచోట్ల మట్టి పొర పలుచన. ఒకటిన్నర మీటరు దాకా మెత్తగా దిగిన జేసీబీ బకెట్, ఆ కిందున్న గట్టి మొరం మీద గీరుకుంటూ ఉండిపోతుంది. ముప్పై గంటల్లో అయిపోవాల్సిన పంట కుంటకు నలభై గంటలు దాటుతుంది. బాడుగ గంటల చొప్పునే కాబట్టి ఖర్చూ అంతే పెరుగుతుంది. సొంత డబ్బుతో తవ్వించుకునే రైతు గట్టు మీద నిలబడి అప్పటికప్పుడు ఏదో ఒకటి తేల్చుకుంటాడు. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ నిధులతో తవ్విస్తున్న స్వచ్ఛంద సంస్థకు ఆ వీలు లేదు. ఆ డబ్బు ఫలానా పనికి, ఫలానా మొత్తమని ముందే రాసుకున్నది. రాసుకున్నది మారాలంటే బడ్జెట్ మార్పు అభ్యర్థన పత్రం పెట్టాలి.

ఆ పత్రం ఒకటి రెండు పేజీలకు మించదు. ఎందుకు మారుస్తున్నారు, ఏ పద్దు నుంచి ఏ పద్దుకు ఎంత వెళ్తోంది, ఎవరు ఒప్పుకోవాలి, చేస్తామన్న పనిలో ఏం తగ్గుతుంది, ఏం పెరుగుతుంది అని అడుగుతుంది. దాన్ని నిజాయితీగా నింపడం ఎలాగో ఒక ఊహా లెక్కతో చూద్దాం.

ప్రాజెక్టు 40 లక్షలది. 50 కుంటలు, ఒక్కోదానికి 30 గంటలు, గంటకు 1,200 రూపాయలు. అంటే కుంటకు 36,000, మొత్తం 18 లక్షలు. మిగతా డబ్బు గట్ల మీద పండ్ల మొక్కలకు, రైతుల శిక్షణకు, విజ్ఞాన యాత్రలకు, సిబ్బంది జీతాలకు, ప్రయాణాలకు, ఆఫీసు ఖర్చులకు. మొదటి 20 కుంటలు అనుకున్నట్టే సాగాయి. తర్వాతి ఊళ్లో నాలుగింటికి మొరం తగిలి 42 గంటల చొప్పున పట్టింది. ఒక్కోదానికి 50,400 అయింది.

ఇక్కడే చాలా సంస్థలు పొరబడతాయి. నెలాఖరు లెక్కల నివేదికలో కుంటల పద్దు చూస్తే 9,21,600 ఖర్చయింది, అంటే 51 శాతం. పూర్తయిన కుంటలు 24, అంటే 48 శాతం. మూడు శాతం తేడా ఎవరి కంటికీ ఆనదు. అకౌంటెంట్ సంతకం పెట్టేస్తారు. ప్రమాదం అయిపోయిన పనిలో లేదు, మిగిలిన 26 కుంటల్లో ఉంది. అది తెలిసేది యంత్రం లాగ్‌బుక్‌లోని గంటల వల్ల, మిగిలిన పొలాల్లో తవ్వి చూసే నమూనా గుంతల వల్ల. అలా చూస్తే 16 పొలాల్లో మొరం బయటపడిందనుకుందాం. వాటికి 8,06,400, మెత్తటి నేల ఉన్న పదింటికి 3,60,000 కావాలి. మొత్తం 11,66,400. పద్దులో మిగిలింది 8,78,400. లోటు 2,88,000. ఇంకా ఒక్క రూపాయి కూడా హద్దు దాటకముందే కనిపించిన లోటు ఇది. పత్రం పెట్టాల్సిన రోజు ఇదే. పద్దు ఖాళీ అయ్యాక పెడితే అది అనుమతి అడగడం కాదు, జరిగిపోయిన దానికి సంజాయిషీ.

కారణం రాసే చోట ‘ధరలు పెరిగినందున’ అన్న వాక్యం లెక్కలేనన్ని పత్రాల్లో కనిపిస్తుంది. ఇక్కడ ధర పెరగలేదు, గంటకు 1,200 అలాగే ఉంది. పెరిగింది గంటలు. ఆ తేడా రాయకపోతే చదివేవారికి కాంట్రాక్టరు మీద అనుమానం వస్తుంది, కొత్త కొటేషన్లు తెమ్మంటారు, రెండు నెలలు పోతాయి. నాలుగు కుంటల లాగ్‌బుక్ పేజీలు, నమూనా గుంతల ఫొటోలు, ఏ పొలంలో ఎంత లోతున మొరం తగిలిందో చెప్పే పట్టిక జతచేస్తే కారణానికి రెండు వాక్యాలు చాలు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఒక ఫీల్డు వర్కర్ ఉద్యోగం ఐదు నెలలు ఖాళీగా ఉంది, నెలకు 18,000 చొప్పున 90,000 మిగిలింది. రెండు విజ్ఞాన యాత్రల్లో ఒకటి ఇంకా జరగలేదు, దాని పద్దు లక్ష. రెండూ కలిపినా లోటు తీరదు. మొక్కల డబ్బు ముట్టుకుంటే గట్లు వట్టిగా మిగిలి తొలి గట్టి వానకే మట్టి కుంటలోకి జారుతుంది. ఆఫీసు ఖర్చుల్లో కొత్తగా సర్దేందుకూ చోటు లేదు. అందుకని మొరం పొలాల్లో రెండు కుంటలు వదులుకోవాలి. దాంతో 1,00,800 తగ్గుతుంది. ఇక కావాల్సింది 1,87,200. యాత్ర నుంచి లక్ష, జీతాల నుంచి 87,200. కుంటల పద్దు 18,00,000 నుంచి 19,87,200 అవుతుంది. మొత్తం బడ్జెట్ 40 లక్షలు దాటదు.

ఫలితాల గడిలో ‘ప్రభావం లేదు’ అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. డబ్బు ఒక చోట నుంచి కదిలిందంటే అక్కడ ఏదో ఒకటి ఆగినట్టే. మన లెక్కలో కుంటలు 50 నుంచి 48 అవుతాయి. యాత్రకు వెళ్లే రైతులు 60 మంది నుంచి 30 మంది అవుతారు. జీతం మిగలడం కూడా ఊరికే రాలేదు. ఆ ఐదు నెలలు రైతుల ఇళ్లకు ఎవరూ వెళ్లలేదు, అది కూడా రాయాలి. ఏమీ మార్చకపోతే ఎన్ని కుంటలవుతాయో పక్కనే చెప్పడం ఇంకా మంచిది. ఉన్న డబ్బుతో 44 మాత్రమే. 44కీ 48కీ మధ్య తేడా చూశాక, ఆ నాలుగు కుంటల కోసం ఒక యాత్ర వదులుకోవచ్చా అన్నది నిర్ణయించేవారికి తేలిగ్గా తడుతుంది. ఆ రెండు కుంటలు ఎవరివో, ఎందుకు వారివో కూడా పత్రంలో ఉండాలి. అప్పటికే లబ్ధిదారుల జాబితాలో పేరు చూసుకున్న రైతులు వారు. వారికి ముందు చెప్పాకే సంతకం పెట్టాలన్నది నా పట్టుదల.

ఎవరు ఒప్పుకోవాలన్నది ఒప్పందం చెబుతుంది. చాలా ఒప్పందాల్లో ఒక పద్దు పది శాతం లోపు మారితే సంస్థే సర్దుకోవచ్చని, దాటితే రాతపూర్వక అనుమతి కావాలని ఉంటుంది. మన మార్పు 18 లక్షల మీద 10.4 శాతం, అంటే గీత కాస్త దాటింది. ఈ నెల లక్ష, వచ్చే నెల 87,200 అని ముక్కలు చేసి గీత కింద దాచాలనిపిస్తుంది. మార్పులన్నీ కలిపి లెక్కించాలని ఒప్పందంలో ఉంటే ఆడిటర్ వాటిని కూడి చూస్తారు, అప్పుడు ఆ ఖర్చు మొత్తం అనుమతి లేనిదైపోతుంది.

కంపెనీ వైపు కూడా ఒక మెట్టు ఉంది. 2021లో సవరించిన సీఎస్‌ఆర్ నిబంధనల ప్రకారం, ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టుల్లో గడువులనూ ఏడాదివారీ కేటాయింపులనూ గమనిస్తూ మార్పులు చేసే అధికారం డైరెక్టర్ల బోర్డుది. ఇచ్చిన డబ్బు బోర్డు ఆమోదించిన పనికే, ఆమోదించిన తీరులోనే ఖర్చయిందని కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి ధ్రువీకరించాలి. కాబట్టి సీఎస్‌ఆర్ మేనేజరు ఫోన్‌లో ‘కానివ్వండి’ అంటే అది మంచి మనసు, అనుమతి కాదు. తన స్థాయిలో ఎంతవరకు ఒప్పుకోగలరో, ఎక్కడి నుంచి పైకి పంపాలో ఆయన్నే అడిగి పత్రంలో ఆ హోదా రాయించుకోవాలి.

అనుమతి వచ్చాక పాత బడ్జెట్‌ను చెరిపేయకూడదు. మొదటిది, సవరించినది, తేదీలతో పక్కపక్కనే ఉంచాలి. ఇకపై ప్రతి నివేదికలో ఖర్చును కొత్త అంకెతోనూ, కుంటలను 48తోనూ పోల్చాలి. లెక్కల్లో అంకె మార్చి, పనుల పట్టికలో 50 అలాగే వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఏడాది చివర రెండు కుంటలు మాయమైనట్టు కనిపించేది దానివల్లే. యంత్రం మొరం పొలాలకు వెళ్లే తేదీ అనుమతి తేదీ తర్వాతే ఉండేలా చూసుకోవాలి. అది వచ్చేదాకా మెత్తటి నేల ఉన్న పది పొలాల్లో పని సాగించవచ్చు. వాటికి పాత అంచనా సరిపోతుంది కాబట్టి ఎవరి సంతకమూ అక్కర్లేదు, జేసీబీ ఖాళీగా నిలబడే పనీ ఉండదు.