కారు స్క్రీన్ హ్యాంగ్ అవుతోందా? డీలరుకు ఇలా రాయండి

డ్యాష్‌బోర్డు మీది టచ్‌స్క్రీన్ పదే పదే హ్యాంగ్ అవుతుంటే, చాలామంది కారును సర్వీస్ సెంటర్‌లో వదిలి కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పి వచ్చేస్తారు. సాయంత్రానికి జాబ్‌కార్డు మీద ‘చెక్ చేశాం, సమస్య కనిపించలేదు’ అని రాసి ఇస్తారు. అది అబద్ధమేమీ కాకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం టెక్నీషియన్ చూసే ఆ కాసేపట్లోనే రావాలని లేదు కదా. కాబట్టి వాళ్ల ముందు కనిపించనిదాన్ని కాగితం మీద చూపించాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ స్క్రీన్‌లోని సాఫ్ట్‌వేర్ డీలరు తయారు చేసేది కాదు. కంపెనీ విడుదల చేసిన వెర్షన్‌ను ఎక్కించడమే అతని పని. కొత్త వెర్షన్ లేకపోతే మీ ఫిర్యాదును కంపెనీ సాంకేతిక విభాగానికి పంపాలి. మీ ఉత్తరం యథాతథంగా అక్కడికి వెళ్లేలా ఉంటే డీలరు పని సులువవుతుంది. మర్యాదగా రాయమనేది అందుకే. కోపంతో రాసిన నాలుగు పేజీలను సర్వీస్ అడ్వైజర్ పైకి పంపడానికి జంకుతాడు.

రాసే ముందు తప్పు కారుదా, ఫోనుదా తేల్చుకోవాలి. ఫోను కేబుల్ తీసేసి, బ్లూటూత్ కూడా ఆపి, కొన్ని రోజులు ఎఫ్ఎం రేడియోతోనే తిరగండి. అప్పుడూ హ్యాంగ్ అయితే తప్పు కారు సిస్టమ్‌దేనని గట్టిగా అనుమానించవచ్చు. ఫోను కలిపినప్పుడే అయితే, ముందు వేరే కేబుల్, వేరే ఫోను పెట్టి చూడండి. నాసిరకం కేబుల్ వల్ల కూడా ఇలాంటి ఇబ్బందులు వస్తాయి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్ సమాచారం తెరిస్తే సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు కనిపిస్తుంది. దాన్ని చేత్తో రాసుకోకుండా ఫొటో తీయండి. పొడవాటి నంబరులో ఒక్క అంకె తప్పినా అక్కరకు రాదు. స్క్రీన్ ఆగినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ల చేత వీడియో తీయించండి. మీరు డ్రైవ్ చేస్తూ మాత్రం తీయకండి.

ఇక ఉత్తరం. వారంటీలో ఉన్న కారు యజమాని ఇలా రాయవచ్చు:

“సర్వీస్ మేనేజర్ గారికి నమస్కారం. మీ షోరూంలో కొన్న నా కారు 14,200 కిలోమీటర్లు తిరిగింది. రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు కింద రాశాను. మార్చి 3, 11, 16 తేదీల్లో టచ్‌స్క్రీన్ హ్యాంగ్ అయింది. మూడుసార్లూ ఫోను కలపలేదు, రేడియో మాత్రమే నడుస్తోంది. పాట వినిపిస్తూనే ఉంది కానీ స్క్రీన్ టచ్‌కు పలకలేదు. 16న రివర్స్ గేర్ వేసినా కెమెరా బొమ్మ రాలేదు. ఇంజిన్ ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే మామూలైంది. వీడియో, వెర్షన్ నంబరు ఫొటో జత చేశాను. దీన్ని సరిచేసే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందేమో చూసి, ఉంటే వారంటీ కింద వేయించగలరు. లేకపోతే ఈ ఫిర్యాదును కంపెనీకి పంపి, దాని నంబరు నాకు తెలియజేయగలరు. పాత, కొత్త వెర్షన్లు రెండూ జాబ్‌కార్డు మీద రాయించమని మనవి. మీకు వీలైన రోజు చెబితే కారు తీసుకొస్తాను.”

ఇందులో అన్నిటికన్నా బరువైన వాక్యం రివర్స్ కెమెరాది. పాట ఆగితే చిరాకు, కెమెరా ఆగితే ప్రమాదం. పాత బొమ్మ మీదే స్క్రీన్ బిగుసుకుపోతే మరీ ప్రమాదం, ఎందుకంటే వెనక ఎవరూ లేనట్టే కనిపిస్తుంది. మీకూ అలా జరిగి ఉంటే ఉత్తరంలో మొదటే రాయండి, బాగయ్యేదాకా అద్దాలనే నమ్ముకోండి. మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకు రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి గానీ, ఆ బీప్ శబ్దం కళ్లతో చూసినదానికి సాటి రాదు.

వెర్షన్లు రెండూ రాయించమన్నదీ ఊరికే కాదు. ‘అప్‌డేట్ చేశాం’ అన్న మాట ఒక్కటే ఉంటే, నిజంగా కొత్తది ఎక్కించారో, ఉన్నదాన్నే రీసెట్ చేశారో తెలియదు. రీసెట్ చేస్తే కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదటికి రావచ్చు. కారు తీసుకునేటప్పుడు అదే సిస్టమ్ సమాచారం పేజీ తెరిచి నంబరు మారిందో లేదో చూసుకోండి. కొత్త వెర్షన్‌తోనూ హ్యాంగ్ అవుతుంటే లోపం లోపలి యూనిట్‌లో ఉండవచ్చు. అప్పుడు అడగాల్సింది యూనిట్ మార్చమని. దానికి ఈ జాబ్‌కార్డే ఆధారం.

ఉత్తరాన్ని ఈమెయిల్‌లో పంపండి, కంపెనీ కస్టమర్ కేర్‌కూ కాపీ పెట్టండి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మర్యాదగా గుర్తు చేయండి. అప్పటికీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వారంటీ ముగిసే తేదీ దగ్గర పడుతుంటే మాత్రం ఆగకండి, ఈరోజే రాయండి.