అనంతంలోనూ చిన్నా పెద్దా

పెళ్లి భోజనాల్లో ప్రతి విస్తరి ముందూ ఒక మనిషి కూర్చున్నారు. ఖాళీ విస్తరి లేదు, నిలబడ్డవాళ్లూ లేరు. రెండూ సమానమని చెప్పడానికి లెక్కపెట్టక్కర్లేదు, జత కుదిరితే చాలు. అనంతాల సైజు పోల్చడానికి మనం వాడేది కూడా ఇదే.

1, 2, 3... ఒక వరుస. 2, 4, 6... ఇంకో వరుస. రెండోది మొదటిదాంట్లో సగమే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి nకీ 2nని జత చేయండి. 1కి 2, 2కి 4, 500కి 1000. రెండువైపులా ఎవరూ మిగలరు. సైజు ఒకటే! ‘2కి 2నే, 4కి 4నే జత చేస్తే బేసి సంఖ్యలు మిగిలిపోతాయిగా?’ అంటారా? మిగలనివ్వండి. ఏదో ఒక పద్ధతిలో జత కుదిరితే సమానమే. ఒకటి పెద్దదని తేల్చాలంటే మాత్రం, ఏ పద్ధతిలోనూ కుదరదని చూపించాలి.

ఇలా 1, 2, 3...తో జత కుదిరేది లెక్కించదగ్గ అనంతం. నేను రోజూ రాసే ప్రోగ్రాములూ ఈ కోవలోవే. ఎంత పెద్ద కోడైనా చివరికి కొన్ని అక్షరాలే. పొట్టివి ముందు, పొడుగువి తర్వాత, ఒకే పొడవున్నవి అక్షరక్రమంలో పేరిస్తే, ఇంకా ఎవరూ రాయని ప్రోగ్రాముకి కూడా ఒక నంబరు వచ్చేస్తుంది.

మరి 0, 1లతో ఎప్పటికీ ముగియని వరుసలు? వాటన్నింటికీ ఎవరో నంబర్లు ఇచ్చేశారనుకుందాం.

```
1: 0 0 0 0 ...
2: 1 1 1 1 ...
3: 0 1 0 1 ...
4: 1 1 0 0 ...
```

మొదటి వరుసలో మొదటి అంకె, రెండోదాంట్లో రెండోది, అలా ఐమూలగా చదివితే 0 1 0 0. వాటిని తిరగేస్తే 1 0 1 1... ఈ కొత్త వరుస మొదటిదానితో మొదటి అంకె దగ్గర, నూరోదానితో నూరో అంకె దగ్గర తేడా పడుతుంది. కాబట్టి జాబితాలో ఎక్కడా లేదు. తెచ్చి పైన చేర్చినా లాభం లేదు, కొత్త జాబితా నుంచి ఇలాగే ఇంకోటి పుడుతుంది. ఏ జాబితాకైనా ఇదే గతి. 1891లో జర్మనీ గణితవేత్త గియార్గ్ కాంటర్ చూపించిన ఉపాయం ఇది. లెక్కించలేని అనంతం అంటే ఇదే.

ఇన్‌పుట్ లేని ఒక ప్రోగ్రాము ఒక్క వరుసనే ప్రింట్ చేయగలదు. ప్రోగ్రాములేమో లెక్కించదగ్గవి. అంటే, ఏ ప్రోగ్రామూ ప్రింట్ చేయలేని వరుసలు ఉండి తీరాలి, ర్యామ్ ఎంత పెంచినా సరే.

‘ఆ తిరగేసే పనికే ఒక ప్రోగ్రాము రాస్తే?’ అని అడగొచ్చు. దానికి ముందు, ఏ ప్రోగ్రాము ఎప్పటికీ అంకెలిస్తూ ఉంటుందో, ఏది మధ్యలో హ్యాంగ్ అవుతుందో తేల్చాలి. ఆ పని ఏ ప్రోగ్రాముకీ సాధ్యం కాదని 1936లో అలన్ ట్యూరింగ్ చేసిన పని నుంచి మనకు తెలుసు.