సెకనుకు 25 ఫ్రేములే

మాది చిన్న కేబుల్ ఛానెల్. ఎడిటర్లంతా బయటివాళ్లే. ఎవరి ఊళ్లో వాళ్లు సొంత కంప్యూటర్ మీద పని చేసి ఫైలు పంపుతారు. మొన్న వాళ్లందరికీ ఒక పేజీ ఉత్తరం రాశాను. రాయించింది ఒక రథోత్సవం.

దాన్ని మా కెమెరామన్ సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీశాడు. ఎడిటర్ మాత్రం ఓ భక్తుడు ఫోన్‌లో తీసిన 30 ఫ్రేముల క్లిప్పును ముందుగా టైమ్‌లైన్ మీద పెట్టాడు. దానికి తగ్గట్టు సెట్టింగ్ మార్చమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగితే సరేనన్నాడు. టైమ్‌లైన్ 30కి మారింది. మా దృశ్యాల్లో సెకనుకు అయిదు ఫ్రేములు రెండేసిసార్లు పడ్డాయి. మాకోసం మళ్లీ 25కి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అయిదింటిని తీసేయాలి. అప్పుడు చేర్చినవే పోతాయన్న నమ్మకం లేదు. టీవీలో రథం అడుగడుక్కీ ఆగి ఉరికినట్టు కనిపించింది.

మనకు 25 ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. పాత టీవీలు దానికి జతగా సెకనుకు 50 సగం బొమ్మలు గీసేవి. రెండు సగాలు కలిస్తే ఒక ఫ్రేము. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ గనుక అక్కడ 30 వచ్చింది. ఫోన్లు మామూలుగా ఆ 30లోనే తీస్తాయి. పైగా వాటి వేగం నిలకడగా ఉండదు, అందుకే పొడవైన ఇంటర్వ్యూల్లో మాట ఒక చోట, పెదవి ఒక చోట అవుతుంది.

అందుకే ఉత్తరంలో ఇలా రాశాను: "ఏ క్లిప్పూ వేయకముందే టైమ్‌లైన్‌ను 25కి పెట్టండి. ఫోన్ క్లిప్పులను ముందే నిలకడైన 25కి మార్చుకోండి, అసలు ఫైళ్లను దాచండి. పంపేముందు కెమెరా అడ్డంగా తిరిగే షాట్ ఒకటి తీసుకుని, బాణం మీటతో ఒక్కో ఫ్రేమే జరపండి. బొమ్మ ఎక్కడైనా కదలకుండా నిలిచినా, ఒక్కసారిగా రెట్టింపు దూరం దూకినా ఆ ఫైలు పంపకండి." మార్చిన ఫోన్ క్లిప్పుల్లో మాత్రం ఆ చిన్న దూకు కొంత మిగులుతుంది. 30లో ఆరోదాన్ని వదిలితేనే 25 అవుతుంది మరి. కాబట్టి వీలైతే ఫోన్‌లోనే 25 ఎంచుకుని తీయడం మేలు.

ఫార్మాట్ గురించి ఒక్క వాక్యమే: 1920×1080, ఎంపీ4, ధ్వని 48 కిలోహెర్ట్జ్.

ఫైలు పేరుకు ఎక్కువ చోటిచ్చాను. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని రెండు వస్తే రాత్రి డ్యూటీ కుర్రాడు ఏది వేయాలి? ఒకసారి పాతదే వేశాడు. తప్పు అతనిది కాదు. ఇప్పుడు పేరు ఇలా ఉండాలి:

```
RATHAM_EP02_20250214_V03.mp4
```

కార్యక్రమం, భాగం, ప్రసార తేదీ, ఎన్నో సవరణ. సంవత్సరం ముందుంటే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. 2 బదులు 02 రాయకపోతే కొన్ని యంత్రాల్లో 10వ భాగం రెండోదానికి ముందు కూర్చుంటుంది. పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దన్నాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు, మా ప్రసార కంప్యూటర్ పాతది, వాటిని చదవలేదు. ఒక్క అక్షరం సవరించినా V04 అని పంపాలి. V03 పేరుతోనే మళ్లీ పంపితే అది మారిందని మాకు తెలిసే దారి లేదు.