ఎప్పుడు అంటుకుంటుంది? ఎంత వేడినిస్తుంది? – ఇంధనాలపై నాలుగు ప్రశ్నలు

వానాకాలంలో కట్టెలపొయ్యి రాజేసేవారికి పచ్చికట్టె పెట్టే బాధ తెలియనిది కాదు. ఊదగా ఊదగా కళ్ళు మండించే పొగ వస్తుందే గాని మంట రాదు. అదే చెట్టు కట్టెను వేసవిలో బాగా ఎండబెట్టి పొయ్యిలో పెడితే ఇట్టే అంటుకుంటుంది. కారణమేమని ఎనిమిదవ తరగతి పరీక్షలో అడిగితే చాలమంది విద్యార్థులు “పచ్చికట్టెలో తడి ఉన్నది కనుక” అని రాస్తారు. ఆ మాట తప్పు కాదు. కాని జవాబు పూర్తి కాలేదు. తడి ఉంటే ఏమవుతుంది? అది కట్టెను అంటుకోనీయదా, లేక అంటుకొన్న కట్టె ఇచ్చే వేడిని తగ్గిస్తుందా? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. మొదటిది జ్వలన ఉష్ణోగ్రతకు, రెండవది కెలోరిఫిక్ విలువకు సంబంధించినది. ఇంధనాల పాఠంలో వచ్చే తప్పులలో చాలవరకు ఈ రెంటినీ కలిపివేయటం వల్ల వచ్చేవే. ఆ తేడా తెలిసేటట్లు నాలుగు ప్రశ్నలు, వాటి సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాము.

మొదటి ప్రశ్న: కాగితపు దొన్నెలో నీరు పోసి మంటపై పెడితే నీరు కాగుతుంది గాని దొన్నె కాలదు. ఎందువల్ల?

ఒక పదార్థం ఆక్సిజన్‌తో కలిసి వేడిని వెలువరించే రసాయన చర్యను దహనం అంటారు. ఇందుకు ఇంధనం, ఆక్సిజన్ ఉంటే చాలదు. మన ఇళ్ళలోని పుస్తకాలు, తలుపులు, బట్టలు ఎల్లప్పుడూ గాలిలోనే ఉన్నాయి. అయినా వాటంతట అవి అంటుకోవటం లేదు. ఏ పదార్థమైనా మండటం మొదలుపెట్టాలంటే ముందు అది ఒక కనీస ఉష్ణోగ్రతను చేరవలె. దానినే ఆ పదార్థపు జ్వలన ఉష్ణోగ్రత అంటారు. కాగితానికిది సుమారు 230 డిగ్రీల సెల్సియస్.

నీరున్న దొన్నె కింద మంట పెట్టినప్పుడు కాగితానికి అందిన వేడి అక్కడ నిలవదు. కాగితం పలుచన కనుక వేడి దాని గుండా నీటిలోకి పోతుంది. నీరు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటదు. ఆపైన అందిన వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చటానికే ఖర్చవుతుంది. కాబట్టి నీటిని తాకుతున్న కాగితం 100 డిగ్రీలకు కొంచెమే పైన ఉంటుంది. అది 230 డిగ్రీలకు చేరదు, కాలదు.

“కాగితం తడిసింది కనుక కాలలేదు” అని రాసిన జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వరాదు. జ్వలన ఉష్ణోగ్రత అనే మాట, వేడి నీటిలోకి పోయిందనే మాట, ఈ రెండూ జవాబులో ఉండవలె.

ఈ ప్రయోగాన్ని తరగతిలో చేయటం తేలిక. కాని కొన్ని జాగ్రత్తలు కావలె. బజారులో దొరికే టీ కప్పులకు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, అవి పనికిరావు. నోటుపుస్తకపు కాగితంతో దొన్నె మడిచి, సగానికి పైగా నీరు పోసి, కొవ్వొత్తి మంట నీటిమట్టానికి కిందనే ఉండేటట్లు పట్టవలె. మంట నీటిమట్టానికి పైనున్న అంచును తాకితే అక్కడ కాగితం అంటుకుంటుంది. మందపు అట్టతో చేసిన దొన్నె అయితే లోపల నీరున్నా వెలుపలి పక్క మాడుతుంది. అట్ట గుండా వేడి త్వరగా పోలేక బయటి పొర ఉష్ణోగ్రత పెరిగిపోవటమే దానికి కారణం. మాడిన అట్టను కూడ విద్యార్థులకు చూపించవలె. కాగితాన్ని కాపాడినది తడి కాదనీ, వేడిని వెంటవెంటనే తీసుకొనిపోయే నీరు అనీ దానివల్ల స్పష్టమవుతుంది.

రెండవ ప్రశ్న: ఒక ఇంధనం 2.5 కిలోగ్రాములు పూర్తిగా దహనం చెందగా 1,12,500 కిలోజౌళ్ళ ఉష్ణం వెలువడినది. దాని కెలోరిఫిక్ విలువ ఎంత? ఆ ఇంధనంతో 2 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచేయటానికి ఎంత ఇంధనం కావలె?

ఒక కిలోగ్రాము ఇంధనం పూర్తిగా దహనం చెందినప్పుడు వెలువడే ఉష్ణరాశిని దాని కెలోరిఫిక్ విలువ అంటారు. కాబట్టి 1,12,500ను 2.5తో భాగిస్తే 45,000 వస్తుంది. జవాబు కిలోగ్రాముకు 45,000 కిలోజౌళ్ళు. ప్రమాణం రాయకుండా వట్టి అంకె వేసిన జవాబు అసంపూర్ణమే. కిరసనాయిలు విలువ ఈ ప్రాంతంలోనే ఉంటుంది.

ఇక రెండవ భాగం. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచటానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు కావలె. 2 లీటర్ల నీరు అంటే దాదాపు 2 కిలోగ్రాములు. పెరగవలసిన ఉష్ణోగ్రత 70 డిగ్రీలు. 2, 4.2, 70 ఈ మూడింటినీ గుణిస్తే 588 కిలోజౌళ్ళు. దీనిని 45,000తో భాగిస్తే 0.013 కిలోగ్రాములు, అనగా 13 గ్రాముల ఇంధనం.

కాని ఇంట్లో స్టవ్వుపై నీరు కాచి చూస్తే 13 గ్రాములు చాలవు. మంట వేడిలో కొంత గిన్నెకు, కొంత చుట్టూ ఉన్న గాలికి పోతుంది. వేడిలో నూటికి నలభై పాళ్ళు మాత్రమే నీటికి అందుతున్నదని అనుకొంటే, కావలసినది 33 గ్రాములవుతుంది. ఇది స్టవ్వు లోపమే గాని ఇంధనపు కెలోరిఫిక్ విలువ తగ్గినట్లు కాదు.

నిర్వచనంలో “పూర్తిగా” అనే మాటను విద్యార్థులు తరచు విడిచిపెడతారు. ఆ మాట ఎంత ముఖ్యమో బొగ్గును చూస్తే తెలుస్తుంది. ఒక కిలోగ్రాము కార్బన్ తగినంత గాలిలో మండి కార్బన్ డయాక్సైడుగా మారితే సుమారు 32,800 కిలోజౌళ్ళు వస్తాయి. గాలి చాలక కార్బన్ మోనాక్సైడుగా మారితే వచ్చేది 9,200 మాత్రమే, అంటే మూడవ వంతు కంటే తక్కువ. పైగా ఆ వాయువు విషం. దానికి రంగు గాని వాసన గాని లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించేవారి ప్రాణాలు తీసేది అదే.

మూడవ ప్రశ్న: పచ్చికట్టె సరిగా మండదు, తక్కువ వేడినిస్తుంది. లెక్కతో వివరించండి.

పూర్తిగా ఎండిన కట్టె కెలోరిఫిక్ విలువ కిలోగ్రాముకు 18,000 కిలోజౌళ్ళు అనుకొందాము. పచ్చికట్టె బరువులో సగం నీరే అనుకొందాము. అప్పుడే కొట్టిన కట్టెలో అంత నీరుండటం విశేషం కాదు. ఒక కిలోగ్రాము పచ్చికట్టె తూచి తెచ్చుకొంటే అందులో అసలు కట్టె అర కిలోగ్రామే. అది ఇవ్వగలిగిన వేడి 9,000 కిలోజౌళ్ళు.

తక్కిన అర కిలోగ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవటానికి 147 కిలోజౌళ్ళు కావలె. నీటి బాష్పీభవన గుప్తోష్ణం కిలోగ్రాముకు 2,260 కిలోజౌళ్ళు. కాబట్టి ఆ నీటిని ఆవిరి చేయటానికి మరి 1,130 కావలె. మొత్తం 1,277. మిగిలినది దాదాపు 7,700 కిలోజౌళ్ళు.

ఈ లెక్కలో ఒక విశేషమున్నది. 18,000 నుంచి 7,700కు తగ్గిన వేడిలో 9,000 కిలోజౌళ్ళ లోటు, కొన్న బరువులో సగం నీరు కావటం వల్ల వచ్చినది. నీటిని ఆవిరి చేయటానికి పోయినది 1,277 మాత్రమే. కట్టె ఇచ్చే 9,000లో అది ఏడవ వంతు. ఏడవ వంతు వేడి పోయినంత మాత్రాన మంట రాకపోవలసిన పని లేదు కదా! అట్లైతే పచ్చికట్టె ఎందుకు అంటుకోదు?

సమాధానం మొదటి ప్రశ్నలోనే ఉన్నది. కట్టె అంటుకోవాలంటే అది సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కవలె. నీరు ఉన్నంతవరకు ఆ చోట కట్టె ఉష్ణోగ్రత 100 డిగ్రీల వద్దనే నిలిచిపోతుంది. కాగితపు దొన్నెను కాపాడిన నీరే ఇక్కడ కట్టెను మండనీయటం లేదు. పైపొర మాత్రం ఆరి, వేడెక్కి, మండగల వాయువులను వదలుతుంది. లోపలి నుంచి వచ్చే నీటి ఆవిరి వాటితో కలిసి చల్లబరచటం వల్ల అవి అంటుకోక, పొగగా పైకి పోతాయి. అంటే పొగలో పోయేది కాలని ఇంధనమే. పై లెక్కలోని 7,700 కిలోజౌళ్ళు కూడ పొయ్యిలో మనకు దక్కకపోవటానికి ఇదే కారణం.

నాలుగవ ప్రశ్న: పెట్రోలు, కిరసనాయిలు రెంటి కెలోరిఫిక్ విలువలు ఇంచుమించు సమానమే. అయినా పెట్రోలు ఎక్కువ ప్రమాదకరమైనది. ఎందువల్ల?

“పెట్రోలు జ్వలన ఉష్ణోగ్రత తక్కువ కనుక” అని రాయటం వాడుకలో ఉన్నది. కాని కొలతలు దీనిని సమర్థించవు. నిప్పు తగలకుండా, కేవలం వేడికే తనంతట అంటుకొనే ఉష్ణోగ్రత కిరసనాయిలుకు సుమారు 210 డిగ్రీలు, పెట్రోలుకు 250 పైన. ఈ లెక్కన కిరసనాయిలే ముందు అంటుకోవలె!

అసలు సంగతి ఏమంటే, ద్రవ ఇంధనాలలో మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. పైన తగినంత ఆవిరి గాలితో కలిసి ఉంటేనే అగ్గిపుల్ల పెట్టినప్పుడు గుప్పుమంటుంది. అంత ఆవిరి చేరే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు ఇది సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు. కనుక మన దేశంలో ఏ కాలంలోనైనా మూత తీసిన పెట్రోలు డబ్బాపై మండగల ఆవిరి సిద్ధంగా ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే చాలు; ఆ రవ్వ వేడి 250 డిగ్రీల కంటే ఎంతో ఎక్కువ. కిరసనాయిలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు ఎగువన సుమారు 40 డిగ్రీలు. అందుచేతనే గిన్నెలోని చల్లని కిరసనాయిలు అగ్గిపుల్లకు వెంటనే అంటుకోదు, వత్తి కావలసివస్తుంది. వత్తి చివర కొద్దిపాటి నూనె తేలికగా వేడెక్కి ఆవిరవుతుంది. ఆరిపోయినట్లు కనిపించినా ఇంకా వేడిగా ఉన్న స్టవ్వులో కిరసనాయిలు పోస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. వేడి లోహం తగిలి నూనె ఆవిరై, పోస్తున్నవారి చేతిలోనే భగ్గుమనవచ్చును. స్టవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగమనేది అందుకే.

ఈ నాలుగవ ప్రశ్నకు “పెట్రోలు సాధారణ ఉష్ణోగ్రత వద్దనే త్వరగా ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలితో కలిసి నిప్పు తగలగానే అంటుకుంటుంది” అని విద్యార్థి రాస్తే పూర్తి మార్కులు ఇవ్వవచ్చును. “పెట్రోలు ఎక్కువ వేడినిస్తుంది కనుక” అని రాసినవారిని మాత్రం మళ్ళీ పచ్చికట్టె లెక్క చేయించవలె. ఎంత వేడినిస్తుందో చెప్పే అంకె, ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేదని ఆ లెక్కలోనే తేలుతుంది.