మచ్చ ఎక్కడుందో చూడండి... అప్పుడు బెల్టు మార్చండి!

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే 38 ఏళ్ల వ్యక్తి ఒకరు గత వేసవిలో ఓపీకి వచ్చారు. ఎడమ మణికట్టు లోపలివైపు 3 నెలలుగా దురద. గోకినప్పుడల్లా రసి కారుతోంది. తామరేమోనని మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తున్నారు. రాసినన్నాళ్లూ తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలు.

వాచీ తీసి చూపించమన్నాను. మచ్చ రూపాయి బిళ్లంత ఉంది, సరిగ్గా బెల్టు కొక్కెం ఆనేచోట. బెల్టు రబ్బరుదే, అది తగిలిన మిగతా చర్మమంతా శుభ్రంగా ఉంది. కొక్కేనికి మాత్రం పైపూత పోయి లోపలి లోహం కనిపిస్తోంది. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ లేదు. అనుమానం నికెల్ మీదకు పోయింది. చర్మవ్యాధుల విభాగంలో వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేశారు. 48 గంటల తర్వాత ప్యాచ్ తీసి ఒకసారి, నాలుగో రోజున మరోసారి చూస్తే నికెల్ పెట్టినచోట ఎర్రగా పొంగింది. కొక్కెం మార్చి, కొద్దిరోజులు పూత మందు వాడాక దురద పోయింది. నలుపు తగ్గడానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది.

ఇక్కడ మీరు గమనించాల్సింది మచ్చ ఆకారం. కొక్కెం కిందో, వాచీ వెనక మూత కిందో మాత్రమే ఉంటే లోహాన్ని అనుమానించాలి. బెల్టు పొడవునా పట్టీలా ఉంటే ఆ తోలులోనో, రబ్బరులోనో ఉన్న రసాయనం పడకపోవచ్చు. ఉక్కపోత రోజుల్లో బిగుతుగా పెట్టుకున్నప్పుడే మంటపుట్టి, వాచీ తీసిన రెండు మూడు రోజులకు తగ్గిపోతే అది చాలావరకు చెమట, సబ్బు, రాపిడి వల్ల వచ్చే ఒరుపు. అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా ఉండి, వాచీ తీసేసినా బెల్టు గీత దాటి పాకుతుంటే అప్పుడు తామర అనుకోవాలి.

మన గోదావరి జిల్లాల్లో ఎండకు తోడు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. చెమటలోని ఉప్పు నాసిరకం లోహం నుంచి నికెల్‌ను కరిగించి చర్మంలోకి చేరుస్తుంది. అందుకే చలికాలంలో ఏమీ చేయని వాచీయే ఏప్రిల్ రాగానే దురద పెడుతుంది.

తోలు బెల్టు ఏసీ గదిలో, కుర్చీలో పనిచేసేవారికి బాగుంటుంది. పొలంలో, వంటింట్లో అది చెమట పీల్చుకుని వాసన వస్తుంది, ఉతకడానికీ కుదరదు. పైగా ఎక్కువ తోళ్లను క్రోమియం లవణాలతో పదును చేస్తారు. అది పడనివారికి తడిసిన తోలు మరీ ఇబ్బంది. పెట్టుకోక తప్పకపోతే ఒకరోజు వాడి ఒకరోజు నీడలో ఆరనివ్వండి.

స్టీలు చైను కొనేటప్పుడు 316ఎల్ రకమా అని అడగండి. అందులోనూ నికెల్ ఉంటుంది కానీ బయటికి విడుదలయ్యేది చాలా తక్కువ, ఉప్పునీటికీ బాగా తట్టుకుంటుంది. ఇప్పటికే నికెల్ పడదని తేలినవారికి టైటానియం ఇంకా మేలు. చైను లింకుల మధ్య చెమట, మట్టి పేరుకుంటాయి. వాచీ నీటికి తట్టుకునేదైతే వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీటితో రుద్ది కడిగి ఆరబెట్టండి.

రబ్బరు, సిలికాన్ బెల్టులు నీళ్లలో పనిచేసేవారికి అనుకూలం. చెరువు నీళ్లు తగిలినా తుడిస్తే సరి. కానీ వాటి కింద గాలి ఆడదు. చెమట నిలిచి చర్మం నాని తెల్లబడుతుంది. కింద ఒక వేలు దూరేంత వదులుగా పెట్టుకోండి. పని అవగానే మంచినీళ్లతో బెల్టునూ, చేతినీ కడిగి పూర్తిగా తుడవండి.

బట్ట బెల్టుల్లో నైలాన్ త్వరగా ఆరుతుంది, నూలు ఆరదు. వాచీ వెనక మూత కింద నుంచి వెళ్లే ఒకే పట్టీ రకమైతే ఆ మూత చర్మానికి తగలకుండా అడ్డుగా ఉంటుంది. మన రొయ్యల చెరువు మిత్రుడికి చెప్పింది ఇదే, నికెల్ లేని కొక్కెంతో. రెండు బెల్టులు ఉంచుకుని ఒకటి తడిస్తే రెండోది వేసుకుంటున్నారు. తడి నైలాన్‌ను అలాగే ఉంచుకుంటే రబ్బరు కన్నా మేలేమీ కాదు.

ఆసుపత్రిలో రోగులను ముట్టుకునేవారికి మాత్రం ఏ బెల్టూ తగదు. మణికట్టు దాకా చేతులు కడగాలంటే వాచీ జేబులో ఉండాల్సిందే.

మచ్చ వచ్చాక మొదటి మందు వాచీ తీసేయడం. రెండు వారాలైనా తగ్గకపోయినా, రసి, చీము కారినా, మీకు షుగర్ ఉన్నా డాక్టర్‌కు చూపించండి. షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయకండి. ఉన్నది తామరే అయితే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూనే లోపల ఫంగస్ పాకుతుంది. వచ్చేటప్పుడు ఆ వాచీని కూడా తీసుకురండి. బెల్టును మీ చేతి పక్కన పెట్టి చూస్తేనే సగం జబ్బు తెలిసిపోతుంది.