కుండీ మిరపకు వేపనూనె: మోతాదు, వేళ

ఫింటాస్‌లో బాల్కనీ కుండీల్లో మిరప వేసినవారికి ఫిబ్రవరి మంచి నెల. సెప్టెంబరులో నారు పోసి, అక్టోబరులో కుండీల్లోకి మార్చిన మొక్కలు చలి తగ్గగానే కొత్త చిగుళ్ళు వేస్తాయి, పూతకు వస్తాయి. సరిగ్గా అప్పుడే చిగుళ్ళు జిగటగా మారడం, ఆకులు ముడుచుకోవడం మొదలవుతుంది. వేపనూనె కొట్టాలని అందరికీ తెలుసు. పురుగు చావకపోతే మోతాదు రెట్టింపు చేయడం కూడా అంతే సహజంగా జరుగుతుంది. వారం తిరిగేసరికి పురుగులు ఉంటాయి, ఆకులు మాత్రం మాడిపోతాయి. ఈ మందు ఫలితం దాని ఘాటు మీద కన్నా, అది పురుగు ఒంటికి తగిలిందా లేదా, ఎన్ని రోజులకొకసారి తగిలింది అన్న రెండు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందుగా ఆకు తిప్పి చూడాలి. మిరపాకు ముడుచుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా కనబడితే సాధారణంగా అది తామరపురుగుల పని. కిందికి వంగి, కాడ సాగినట్టుంటే నల్లి. పేనుబంక అయితే లేత చిగురును, మొగ్గల కాడలను గుంపులుగా పట్టుకుని ఉంటుంది. పక్కనే తెల్లని పొట్టు కనబడుతుంది. అది పిల్లపురుగులు విడిచిన చర్మం. కింది ఆకుల మీద తేనెలాంటి జిగట, దాని కోసం వచ్చే చీమల బారు కూడా పేనుబంకకు మంచి ఆనవాళ్ళు. తెల్లదోమను కనిపెట్టడం ఇంకా తేలిక. మొక్కను కదిపితే పిండి చల్లినట్టు లేచి, మళ్ళీ ఆకు అడుగునే వాలుతుంది. అయితే ఎగిరే దోమ కథలో సగమే. దాని పిల్లపురుగులు ముదురాకుల అడుగున, కదలకుండా, చిన్న పొలుసుల్లా అతుక్కుని రసం పీలుస్తుంటాయి.

ఈ రెండింటికీ సబ్బు, నూనె పనికొచ్చే కారణం వాటి మెత్తని శరీరమే. సబ్బునీరు పురుగు చర్మం మీది మైనపు పొరను చెరిపి లోపలి కణాలను దెబ్బ తీస్తుంది. నూనె అది ఊపిరి తీసే రంధ్రాలను మూసేస్తుంది. రెండూ తడిగా ఉన్నంతసేపే, తగిలిన పురుగు మీదే పనిచేస్తాయి. ఆరిన సబ్బు ఆకు మీదికి రేపు వచ్చే పురుగును ఏమీ చేయదు. వేపకు ఇంకో గుణం ఉంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు వాలినప్పుడు చుట్టూ ఉన్న పచ్చదనమంతా పోయినా వేపచెట్లు మిగలడాన్ని జర్మన్ కీటకశాస్త్రవేత్త హైన్రిష్ ష్ముటరర్ గమనించాడు. ఆ గుణానికి ముఖ్యకారణమైన అజాడిరక్టిన్‌ను 1968లో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేపగింజ నుండి వేరు చేశారు. అది పురుగుకు తిండి మీద విముఖత కలిగిస్తుంది. పిల్లపురుగు చర్మం విడిచి పెద్దదయ్యే క్రమాన్ని చెడగొడుతుంది. కాబట్టి వేప కొట్టిన మర్నాడు కూడా బతికే ఉన్న పురుగును చూసి మందు పనిచేయలేదనుకోవడం తొందరపాటు.

అజాడిరక్టిన్ అన్ని వేపనూనెల్లోనూ ఉండదు. గానుగలో వేడి లేకుండా తీసిన నూనె ముదురు గోధుమరంగులో, చేదుగా, ఉల్లి వెల్లుల్లి కలిసినట్టు ఘాటుగా ఉంటుంది. శుద్ధి చేసిన లేతరంగు నూనెలో ఆ పదార్థం చాలావరకు పోయి ఉంటుంది. అది పురుగును కప్పడానికే పనికొస్తుంది. తలకు రాసుకోవడానికి అమ్మే నూనెల్లో వేరే నూనెలు, పరిమళాలు కలిసి ఉండవచ్చు కనుక మొక్కలకు అవి వద్దు.

మోతాదు సులువే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల ద్రవసబ్బు. మందు సీసాతో వచ్చే కొలమూత ఇందుకు చాలు. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలత కావు. సబ్బు అంటే పొటాషియంతో చేసిన మెత్తని సబ్బు మేలు. బట్టల పొడి, గిన్నెలు తోమే ఘాటైన ద్రవాలు నిజానికి సబ్బులు కావు. ఆకు మీది సహజమైన మైనాన్ని కూడా అవి తుడిచేస్తాయి. కలిపే వరుస ముఖ్యం. గ్లాసు గోరువెచ్చని నీటిలో ముందు సబ్బు, తరువాత నూనె కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, ఆపైన మిగిలిన నీరు చేర్చాలి. పైన నూనె తెట్టు తేలితే కలవలేదన్నమాట. అలా కొడితే నూనె పడిన చోట ఆకు మాడుతుంది. జనవరి రాత్రుల చలికి నూనె సీసాలోనే పేరుకుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెడితే కరుగుతుంది.

నీటి విషయంలో ఫింటాస్‌వాసులది ఒకరకంగా అదృష్టమే. కువైట్ కుళాయి నీరు ప్రధానంగా సముద్రపు నీటి నుండి ఉప్పు తీసినది. అందులో భూగర్భజలం కొంత కలుపుతారు గానీ, సబ్బును విరిచేసేంత సున్నం సాధారణంగా ఉండదు. తోటలకు వాడే ఉప్పుబావి నీటిలో మాత్రం సబ్బు పెరుగులా విరిగిపోతుంది. కలిపిన మందును నిలవ ఉంచకూడదు. సబ్బునీటి క్షారగుణం అజాడిరక్టిన్‌ను విరిచేస్తుంది కనుక ఏ పూటది ఆ పూటే.

ఇక వేళ. సుమారు 30 డిగ్రీలు దాటిన ఎండలో నూనె, సబ్బు పడిన ఆకు కమిలిపోతుంది. ఎండకు అజాడిరక్టిన్ కూడా త్వరగా నశిస్తుంది. అందుకని సూర్యుడు వాలిన తరువాత, గాలి లేనప్పుడు కొట్టాలి. పక్కింటి బాల్కనీలో బట్టలు ఆరేసి లేవని చూసుకోవడం ఇరుగుపొరుగు మర్యాద. ఆ వాసన ఒక పట్టాన పోదు. కుండీ మన్ను ఎండి మొక్క వాడి ఉంటే ముందు నీళ్ళు పోసి, అది తేరుకున్నాకే మందు. దుమ్ముగాలి వీచిన రోజైతే ఆకులు కడిగి, ఆరనిచ్చాక కొట్టాలి.

ఆరు కుండీలున్న బాల్కనీని తీసుకుంటే, లీటరు మందు సరిపోతుంది. మొదటి సాయంత్రం ఒక మొక్కకు రెండు మూడు ఆకుల మీద మాత్రమే చల్లి, రెండు రోజులు ఆగాలి. మచ్చలు రాకపోతే మూడో సాయంత్రం బాగా ముడుచుకున్న చిగుళ్ళను తుంచి సంచిలో కట్టి పారేసి, మిగిలిన మొక్కలన్నిటికీ కింది నుండి పైకి, ఆకు అడుగు తడిసి బొట్టు జారేదాకా కొట్టాలి. మధ్యమధ్య సీసా కుదుపుతుండాలి. మళ్ళీ తొమ్మిదో రోజు, పదిహేనో రోజు, ఇరవై ఒకటో రోజు. ఇన్నిసార్లు ఎందుకంటే, పేనుబంక ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే పిల్లలను కంటుంది, వెచ్చని రోజుల్లో ఆ పిల్ల వారం పదిరోజుల్లో తానూ తల్లి అవుతుంది. తెల్లదోమకు గుడ్డు నుండి రెక్కలు వచ్చేదాకా దాదాపు మూడు వారాలు, చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. మందు దాని గుడ్లను పెద్దగా తాకదు. ఇవాళ తప్పించుకున్న గుడ్డు పొదిగాకే దొరుకుతుంది. కుండీల మధ్య పసుపుపచ్చ జిగురు అట్ట వేలాడదీసి, వారానికి ఎన్ని దోమలు అంటుకున్నాయో లెక్కపెడితే మందు పనిచేస్తున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

నాలుగుసార్లు కొట్టాక కూడా చిగుళ్ళు చిన్నవై, పసుపుగా, గుత్తుల్లా ముడుచుకునే వస్తుంటే అది తెల్లదోమ మోసుకొచ్చిన ఆకుముడత వైరస్ అయి ఉండవచ్చు. అలాంటి మొక్కకు ఏ నూనే మందు కాదు. మిగిలినవాటిని కాపాడాలంటే, దోమ లేచి పక్క కుండీ మీద వాలకుండా సంచి తొడిగి, ఆ మొక్కను పెరికేయాలి.

కాయలు కోసేది మందు కొట్టడానికి ముందే అయితే మంచిది. తరువాత కోసినవాటిని బాగా కడగాలి. అసలు జాగ్రత్త సీసా దగ్గర కావాలి. చెట్టు నుండి వచ్చింది కదా అని నాటువైద్యంగా పసిపిల్లలకు వేపనూనె తాగించినప్పుడు వాంతులు, మగత, మూర్ఛ, కాలేయానికీ మెదడుకూ ప్రమాదకరమైన దెబ్బ కలిగిన సందర్భాలు మలేషియాలోనూ భారతదేశంలోనూ వైద్యపత్రికలకు ఎక్కాయి. కొన్ని మిల్లీలీటర్లే చాలు. వంటనూనెల అరలో కాకుండా, పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. ఏ పిల్లవాడైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఏప్రిల్ మధ్యకల్లా ఫింటాస్‌లో సాయంత్రాలు కూడా వేడెక్కుతాయి. అక్కడి నుండి నూనె ఆపేసి, తెల్లవారుజామున ఆకుల అడుగుకు నీటిధార కొట్టి పేనుబంకను రాల్చడమే మిగిలిన మార్గం. మే నెలలో వడలిపోయిన మొక్కలను తీసేసి కుండీలు ఖాళీ చేస్తే, వచ్చే సెప్టెంబరు నారు కోసం తెల్లదోమ ఆ బాల్కనీలో కాచుకుని ఉండదు.