కేబుల్ మింగే వోల్టులు

అనంతపురం వైపు పాత బోరు అడుగంటితే కొత్త పాయింటు ఎక్కడో పొలం అవతలి మూలన పడుతుంది. సర్వీసు, మీటరు, స్టార్టరు మాత్రం పాత బోరు దగ్గరే ఉండిపోతాయి. అక్కడి నుంచి కొత్త బోరుకు కేబుల్ లాగి నడుపుకుందామని రైతు షాపుకెళ్తే, "ఐదు హెచ్.పి. మోటారేగా, రెండున్నర స్క్వేర్ చాలు" అనే మాట వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. ఐదు హెచ్.పి. త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ లాగే కరెంటు దాదాపు 9 ఆంపియర్లే, రెండున్నర స్క్వేర్ రాగి తీగ దాన్ని వేడెక్కకుండా మోస్తుంది. కానీ షాపతను దూరం ఎంతని అడగలేదు.

ఎంత మంచి రాగి తీగకైనా కొంత నిరోధం ఉంటుంది. తీగ పొడవు పెరిగితే అది పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. కరెంటు పారుతున్నంతసేపూ కొన్ని వోల్టులు ఆ నిరోధం దగ్గరే ఖర్చయిపోతాయి. దాన్నే వోల్టేజ్ డ్రాప్ అంటారు.

లెక్కకు కాగితం, సెల్‌ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. పొడవును మీటర్లలో తీసుకుని 0.02తో గుణించి, తీగ ఎన్ని స్క్వేరో దానితో భాగిస్తే ఒక్కో తీగ నిరోధం ఓముల్లో వస్తుంది. ఈ 0.02 కాస్త వేడెక్కిన రాగికి సరిపోయే అంకె. వచ్చినదాన్ని ఆంపియర్లతో, ఆపైన 1.73తో గుణిస్తే త్రీఫేజ్‌లో పోయే వోల్టులు తెలుస్తాయి. పవర్ ఫ్యాక్టర్‌ను వదిలేశాం కాబట్టి లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుంది. తీగ కొనేటప్పుడు అటు మొగ్గడమే మేలు.

స్టార్టరు నుంచి కొత్త బోరుకు 300 మీటర్లు అనుకుందాం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. బోరు లోపల మోటారు దాకా దిగిన కేబుల్ కూడా పొడవే కదా! అది 100 మీటర్లు, నాలుగు స్క్వేర్ అనుకుంటే దాని నిరోధం 0.5 ఓం. పైన రెండున్నర స్క్వేర్ వేస్తే ఇంకో 2.4. మొత్తం 2.9 ఓములు. దాన్ని 9తో, 1.73తో గుణిస్తే సుమారు 45 వోల్టులు. కాగితం మీద 415 అని ఉన్నా, ఊళ్లో మోటార్లన్నీ నడిచే వేళ స్టార్టరు దగ్గర 380 కనిపించడం మామూలే. అందులో 45 పోతే మోటారుకు అందేది 335.

సబ్‌మెర్సిబుల్ మోటార్లు మామూలుగా 15 శాతం తగ్గుదల దాకా తట్టుకుంటాయి. అంటే 353 వోల్టులు. అంతకన్నా తగ్గితే అదే నీటిని ఎత్తడానికి మోటారు మరింత కరెంటు లాగుతుంది, దాంతో డ్రాప్ ఇంకా పెరుగుతుంది, వైండింగ్ కాగుతుంది. స్టార్టింగ్ దెబ్బ ఇంకా పెద్దది. తిప్పే బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 335 వోల్టుల దగ్గర మిగిలేది మూడింట రెండు వంతులే. పైగా స్టార్టింగ్‌లో కరెంటు ఐదారు రెట్లు ఉంటుంది గనక ఆ క్షణాన 335 కూడా అందదు. మోటారు గుర్రుమంటుంది, రిలే ట్రిప్ అవుతుంది. అప్పుడు రిలే డయల్‌ను పైకి తిప్పేయడం ఊళ్లలో తరచూ చేసే పని. మోటారుకున్న ఆఖరి కాపలాను అలా తీసేసినట్టే.

పైన నాలుగు స్క్వేర్ వేస్తే డ్రాప్ 31 వోల్టులు, మోటారుకు 349. ఇంకా తక్కువే. ఆరు స్క్వేర్‌తో 357 అందుతుంది గానీ, ఊరి వోల్టేజ్ మరో పది పడితే గీత దాటిపోతుంది. పది స్క్వేర్ అయితే పోయేది 17 వోల్టులే, అంటే నాలుగు శాతం. మోటారుకు 363 అందుతుంది. ఖరీదు గట్టిగానే ఉంటుంది. రాగి భారమైతే పదహారు స్క్వేర్ అల్యూమినియం దాదాపు అదే పని చేస్తుంది. దాని లెక్కలో 0.02కు బదులు 0.033 వేసుకోవాలి. అల్యూమినియాన్ని రాగితో నేరుగా మెలిపెట్టకూడదు. ఆ అతుకు తుప్పు పట్టి వేడెక్కుతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ లగ్గులు వాడాలి.

ఇప్పటికే నడుస్తున్న మోటారును పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. మోటారు తీగలను బోరు మూతి దగ్గర విడదీసి, స్టార్టరు ఆన్ చేసి అక్కడ మీటరు పెడితే 380కి 380 కనిపిస్తుంది, తీగ బాగుందనిపిస్తుంది. కరెంటు పారనప్పుడు డ్రాప్ ఉండదు! మోటారు నడుస్తుండగా స్టార్టరు దగ్గర ఒకసారి, బోరు మూతి దగ్గర ఒకసారి కొలిపించాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని, తడి చేతులతో రైతు చేసేది కాదు. మూడు ఫేజుల మధ్యా తగ్గుదల సమానంగా ఉంటే తీగ సన్నమని అర్థం. ఒక ఫేజు ఉన్న జతల్లోనే ఎక్కువగా తగ్గితే తీగ మార్చే ముందు ఆ ఫేజు జాయింట్లు విప్పి చూడాలి.